తిరుపతి టిఫిన్ హోటల్: ఉప్మా, పెసరట్టు తీసేయాలా? ఇడ్లీ ధర పెంచాలా?

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు శాకాహార టిఫిన్ హోటల్ ఉంది. వంటిల్లు నాన్నగారు చూస్తారు, లెక్కలు నావి. ఒక్కో ఐటమ్ ఎన్ని ప్లేట్లు పోతోంది, ప్లేటుకు సరుకుల ఖర్చు పోను ఎంత మిగులుతోంది అనే రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి గత నెల అమ్మకాలు చూశాను. కాఫీ, టీ, మధ్యాహ్న భోజనం ఇందులో లేవు. ఉదయం, సాయంత్రం టిఫిన్లు మాత్రమే.

ఇడ్లీ (మూడు, పొడి, నెయ్యితో): ధర 40, ఖర్చు 13, మిగులు 27, ప్లేట్లు 2,400
వడ: ధర 50, ఖర్చు 22, మిగులు 28, ప్లేట్లు 1,300
పొంగల్: ధర 60, ఖర్చు 26, మిగులు 34, ప్లేట్లు 900
పూరీ: ధర 60, ఖర్చు 25, మిగులు 35, ప్లేట్లు 800
మసాలా దోసె: ధర 70, ఖర్చు 25, మిగులు 45, ప్లేట్లు 1,200
నేతి కారం దోసె: ధర 90, ఖర్చు 36, మిగులు 54, ప్లేట్లు 400
పెసరట్టు ఉప్మా: ధర 80, ఖర్చు 30, మిగులు 50, ప్లేట్లు 300
ఉప్మా: ధర 45, ఖర్చు 17, మిగులు 28, ప్లేట్లు 200

మొత్తం 7,500 ప్లేట్లు, మొత్తం మిగులు 2,56,000 రూపాయలు. అంటే సగటున ప్లేటుకు 34 రూపాయల పైచిలుకు. ఎనిమిది ఐటమ్స్ సమానంగా అమ్ముడైతే ఒక్కోదానికి 12.5 శాతం వాటా రావాలి. అందులో 70 శాతం వచ్చినా బాగా పోతున్నట్టే అని చదివాను కాబట్టి 656 ప్లేట్ల దగ్గర గీత గీశాను. ఆ గీత కింద ఉన్నవి కారం దోసె, పెసరట్టు, ఉప్మా.

నా ఆలోచన ఇది. ఉప్మా తీసేయాలి. పెసరట్టుకు పెసలు నానబెట్టి రుబ్బాక పిండి మిగిలిపోతోంది కాబట్టి అదీ తీసేయాలి. ఇడ్లీ 45 చేయాలి. పొంగల్ సగటుకు కొద్దిగా కింద ఉంది కాబట్టి 65 చేయాలి. నాన్నగారు ఒక్కదానికీ ఒప్పుకోవడం లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

పాత క్యాషియర్

తమ్ముడూ, మా రోజుల్లో ఒకటే కొలత. సరుకు ఖర్చు అమ్మకం ధరలో 35 శాతం దాటకూడదు. ఆ లెక్కన నీ హోటల్లో అన్నిటికన్నా మంచి ఐటమ్ ఇడ్లీ, ఖర్చు 32 శాతమే. కారం దోసె 40 శాతం, పొంగల్ 43 శాతం. నెయ్యి, జీడిపప్పు నీ డబ్బు తినేస్తున్నాయి. తీసేయవలసింది కారం దోసె, ఉప్మా కాదు. ఇడ్లీ ధర జోలికి అసలు వెళ్లకు. స్టేషన్ దగ్గర ఇడ్లీ ధర చూసే లోపలికి వస్తారు.

వంటగది ఖాతా

పాత క్యాషియర్ గారు ఇడ్లీ గురించి చెప్పిన చివరి మాట బాగా ఆలోచించదగ్గది. శాతం మాటతో మాత్రం ఏకీభవించలేను. సాయంత్రం గల్లాపెట్టెలోకి వచ్చేవి రూపాయలు. ఒకాయన ఇడ్లీ బదులు కారం దోసె తింటే ఖర్చు శాతం పెరుగుతుంది, కానీ ఆ టేబుల్ మీద మీకు 27 బదులు 54 మిగులుతుంది. అద్దె, జీతాలు, గ్యాసు ఆ మిగులులోంచే కట్టాలి. మీరు పక్కపక్కన పెట్టిన ఈ రెండు లెక్కల పద్ధతిని 1982లో మిచిగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కసవానా, స్మిత్ రూపొందించారు. శాతాన్ని పక్కనపెట్టి ప్లేటు మిగులును తీసుకోవడమే అందులో అసలు సంగతి. శాతం పనికిరాదని కాదు. నెయ్యి ధర ఒక్కసారిగా పెరిగితే ముందు దెబ్బ తినే ఐటమ్ ఏదో అది చెబుతుంది.

ఇక అడిగిన బాబుకు. నేను చాలా ఏళ్లు హోటళ్లలో సరుకుల ఖర్చు లెక్కలు చూశాను. మీ లెక్కలో కూడికలు సరిగ్గానే ఉన్నాయి. నాకు అనుమానం ఇడ్లీ ఖర్చు 13 మీద. అందులో చట్నీ, సాంబారుకు ఎంత వేశారు? ఎలా కొలిచారు?

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

చట్నీ, సాంబారు కలిపి ప్రతి ప్లేటుకు 4 రూపాయలు వేశాను. ప్లేటులో మొదట వడ్డించే గరిటెడు పల్లీ చట్నీ, గిన్నెడు సాంబారు తూకం వేసి లెక్కగట్టాను. అన్ని ఐటమ్స్‌కూ అంతే.

వంటగది ఖాతా

మొదటి వడ్డన మాత్రమే కొలిచారన్నమాట. మన వైపు ఇడ్లీ తినేవాళ్లు చట్నీ ఎన్నిసార్లు అడుగుతారో మీకు తెలియనిది కాదు. పూరీకి కూర ఇస్తారు కదా, దానికి చట్నీ ఎందుకు వేశారు?

ముందు ఒకటి సరిచూసుకోండి. మీ ప్లేటు ఖర్చులను అమ్మిన ప్లేట్లతో హెచ్చించి కూడితే నెలకు ఇంత సరుకు వాడి ఉండాలి అని ఒక అంకె వస్తుంది. నెల మొదట్లో నిల్వ, నెలలో కొనుగోళ్లు కూడి, నెలాఖరు నిల్వ తీసేస్తే నిజంగా వాడింది వస్తుంది. ఈ పద్ధతిలో బాగా పోయి బాగా మిగిలేదాన్ని స్టార్ అంటారు, ఆ రెండూ లేనిదాన్ని డాగ్ అంటారు. పై రెండు అంకెలూ దగ్గరగా లేకపోతే స్టార్ ఏదో డాగ్ ఏదో మాట్లాడుకోవడం అనవసరం.

తేడా ఉంటే వారం పాటు ఇలా చేయండి. ఉదయం చేసిన చట్నీ బరువు రాసి, మిగిలింది తీసేయండి. ఏ టేబుల్‌కు రెండోసారి, మూడోసారి వేశారో, ఆ టేబుల్ మీద ఏ ఐటమ్ ఉందో వడ్డించేవాళ్లతో గీతలు పెట్టించండి. సాంబారుకూ అంతే. ఇంకొకటి, కడగడానికి వచ్చే ప్లేట్లలో మిగిలిన చట్నీని ఒక డబ్బాలోకి గీయించి రాత్రికి తూకం వేయండి. ఖర్చు తగ్గించే దారి చాలాసార్లు ఆ డబ్బాలోనే కనిపిస్తుంది.

రంగుల ముద్రణ

మేం మెనూ కార్డులు ముద్రిస్తాం. మెనూ మార్చాలంటే ముందు కార్డు మార్చాలి. కారం దోసెను ఫోటోతో కుడివైపు పైన పెట్టి చుట్టూ బంగారు రంగు గడి వేయిస్తే అమ్మకం పెరుగుతుంది. లామినేషన్‌తో చేసిస్తాం.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

అన్నా, మా దగ్గర కార్డు లేదు. గోడ మీద బోర్డు, కౌంటర్‌లో టోకెన్. జనం డబ్బులిస్తూనే చెప్పేస్తారు.

వంటగది ఖాతా

టోకెన్ కౌంటర్ ఉన్నచోట బోర్డుకన్నా క్యాషియర్ నోటిమాట బలమైనది. 'వేడి పొంగల్ ఇప్పుడే దిగింది' అని ఆయన అన్నరోజు, అనని రోజు అమ్మకాలు విడిగా రాసి చూడండి. కార్డు సంగతి తరువాత.

చిత్తూరు మెస్

నాదీ ఒక సందేహం. చిత్తూరులో కలెక్టరేట్ దగ్గర మెస్ నడుపుతున్నాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు ప్లేటు 220. నాటుకోడి ధర వల్ల ఖర్చే 140 అవుతుంది. రోజుకు పాతిక ప్లేట్లు దాటవు. మామూలు భోజనం రోజుకు రెండు వందల దాకా పోతుంది. ఈ లెక్క ప్రకారం సంగటి తీసేయాలా అమ్మా? పొద్దున్నే సంగటి కెలకడానికి ఒక మనిషి ప్రత్యేకంగా కావాలి.

వంటగది ఖాతా

రెండు విషయాలండీ. సంగటి ప్లేటును భోజనంతో ఒకే పట్టికలో పెట్టకండి. ఒక ఐటమ్ బదులు ఇంకోటి తినే అవకాశం ఉన్నవాటినే పోల్చాలి. నాటుకోడిని కోడి వేపుడు, మటన్ పులుసు పక్కన పెట్టి చూడండి. రెండోది, మీ బిల్లులు తిరగేయండి. సంగటి ఉన్న బిల్లులో ఇంకా ఎన్ని ప్లేట్లు ఉన్నాయి? నలుగురు కలిసి వచ్చి ఒకరు సంగటి, ముగ్గురు భోజనం తింటుంటే, ఆ ఒకరి కోసమే మిగతా ముగ్గురూ మీ మెస్‌కు వచ్చి ఉండవచ్చు. ఐటమ్‌వారీ పట్టికలో అది కనిపించదు. కెలికే మనిషి కూలి కూడా కనిపించదు, ఎందుకంటే మనం తీసేసింది సరుకు ఖర్చు ఒక్కటే. సంగటి ఆపితే ఆ కూలి నిజంగా మిగులుతుందా, లేక ఆ మనిషి వేరే పని చేస్తూ జీతం తీసుకుంటారా అన్నది చూసుకోవాలి.

చిత్తూరు మెస్

ఆయన మిగతా రోజంతా కూరగాయలు తరుగుతారు. మానిపించలేను. బిల్లులు చూసి చెబుతాను.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

వారం కొలిచాం. మీరు చెప్పినట్టు కొనుగోళ్లతో సరిచూస్తే గత నెల సుమారు పది వేల సరుకు లెక్కకు దొరకడం లేదు. అది ఎక్కడికి పోయిందో గీతలు చూశాక తెలిసింది. ఇడ్లీ ప్లేటుకు చట్నీ, సాంబారు కలిపి 4 కాదు, 9 రూపాయలు. వడకు 5. పూరీకి అసలు లేదు. మిగతావి నేను వేసిన 4కు దగ్గరగానే ఉన్నాయి.

సవరించాక ఇడ్లీ మిగులు 27 నుంచి 22కు పడింది. వడ 27, పూరీ 39. మొత్తం మిగులు 2,45,900, సగటు 32 రూపాయల 79 పైసలు. దీంతో పొంగల్ దానంతట అది సగటు మిగులు గీత పైకి వచ్చేసింది. దాని ఖర్చులో, ధరలో పైసా మారలేదు. నిన్నటిదాకా ధర పెంచాలనుకున్న ఐటమ్ ఇప్పుడు బాగా పోయి బాగా మిగిలే ఐటమ్ అయింది.

వంటగది ఖాతా

పొంగల్ స్థానం మారడం ఈ పద్ధతి తీరే. గీత సగటు మీద గీస్తాం కాబట్టి ఇడ్లీ ఖర్చు మారితే పొంగల్ స్థానం మారుతుంది. గీతకు రూపాయి, రెండు రూపాయల దూరంలో ఉన్నవాటిని ఏ పేరుతోనూ పిలవకండి. పొంగల్ ధర అలాగే ఉంచండి. 70 శాతం అన్నదీ అనుభవం మీద పెట్టుకున్న కొలతే, ప్రకృతి సూత్రం కాదు.

ఒక ప్రశ్న. గత నెల అంటే తమిళుల పెరటాసి నెల కలిసిందా? ఆ శనివారాల్లో తమిళనాడు నుంచి వచ్చే భక్తుల వల్ల పొంగల్, వడ ఎక్కువ పోతాయి.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

కలిసింది. నెలలో సగం పైగా పెరటాసే.

వంటగది ఖాతా

అయితే పొంగల్ 900 ప్లేట్లను స్థిరమైన అంకెగా తీసుకోకండి. ఇంకో మామూలు నెల చూడాలి.

దోసె మాస్టర్

అందరూ కాగితం మీద మాట్లాడుతున్నారు. నేను పెనం దగ్గర నిలబడేవాణ్ని. మసాలా దోసె మూడు నిమిషాల్లో దిగుతుంది. కారం దోసె సన్నని సెగ మీద నెయ్యి వేస్తూ కాల్చాలి, ఐదు నిమిషాలు. పెసరట్టు నాలుగు. ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా పెనం మీద ఖాళీ ఉండదు. ఆ సమయంలో మీ క్యాషియర్ 'కారం దోసె తినండి' అని అందరికీ చెబితే నా దగ్గర టోకెన్లు పేరుకుపోతాయి, జనం వెళ్లిపోతారు.

వంటగది ఖాతా

మాస్టరుగారు చెప్పిన నిమిషాలతోనే లెక్క చూడండి. పెనం మీద ఒక దోసె పట్టే చోటు గంటసేపు నిండుగా ఉంటే మసాలా దోసెలు ఇరవై, 900 రూపాయల మిగులు. పెసరట్లు పదిహేను, 750. కారం దోసెలు పన్నెండు, 648. ప్లేటుకు అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చే కారం దోసె రద్దీ గంటలో పెనం మీద అన్నిటికన్నా తక్కువ సంపాదిస్తోంది. సాయంత్రం పెనం ఖాళీగా ఉన్నప్పుడు ఈ లెక్క వర్తించదు. అప్పుడు ప్లేటుకు 54 నిజమైన 54.

కాబట్టి ఉదయం రద్దీలో క్యాషియర్ చెప్పవలసింది పొంగల్. గిన్నెలో సిద్ధంగా ఉంటుంది, పెనం అక్కర్లేదు, ఇడ్లీకన్నా 12 రూపాయలు ఎక్కువ మిగులుతుంది. కారం దోసె బోర్డు సాయంత్రం పెట్టండి.

పాత క్యాషియర్

ఇది బాగుంది. మా హోటల్లోనూ ఉదయం స్పెషల్ దోసెలు వేసేవాళ్లం కాదు. యజమాని ఎందుకు వద్దనేవారో ఇప్పుడు అర్థమైంది. శాతం సంగతిలో మాత్రం నా మాట నాదే. నెయ్యి ధర ఒక్కసారి పెరగనీ, అప్పుడు చూద్దాం.

భీమవరం యాత్రికుడు

నేను హోటల్ మనిషిని కాదు. ఏటా కుటుంబంతో తిరుపతి వస్తాం. స్టేషన్ దిగగానే పెసరట్టు ఉప్మా దొరికే చోటు వెతుకుతాం. మీ వైపు చాలా హోటళ్లలో ఉండదు. దయచేసి తీసేయకండి. పిల్లలకు ఇడ్లీ, మాకు పెసరట్టు, చివర్లో అందరికీ కాఫీ, ఇదీ మా బిల్లు.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

మీ మాట చదివాక పెసరట్టును రోజులవారీగా విడదీశాను. 300 ప్లేట్లలో 210 శుక్ర, శని, ఆదివారాల్లోనే పోయాయి. మిగతా రోజుల్లో పిండి మిగిలి పారబోస్తున్నాం, ఆ పారబోసింది ప్లేటు ఖర్చు 30లో లేదు. ఈ మూడు రోజులే పెడితే వృథా దాదాపు ఉండదు. ధర మార్చను.

ఉప్మా సంగతి నాన్నగారు గుర్తుచేశారు. పెసరట్టులోకి పెట్టేది ఆ ఉప్మానే. పెసరట్టు ఉన్న రోజుల్లో ఉప్మా ఎలాగూ చేయాలి. అందుకని బోర్డు మీద విడిగా ఉన్న ఉప్మాను సోమవారం నుంచి గురువారం దాకా ఆపేస్తున్నాం. వారాంతంలో అడిగినవాళ్లకు ఇస్తాం.

వంటగది ఖాతా

సరైన నిర్ణయం. ఉప్మా 200 ప్లేట్ల మీద నెలకు మిగిలింది 5,600. ఆ తినేవాళ్లలో ఎక్కువమంది ఇడ్లీకో పొంగల్‌కో మారతారు కాబట్టి పోయేది అంతకన్నా తక్కువే. ఒక ఐటమ్ తీసేస్తే దాని మిగులంతా పోతుందని లెక్క వేయకూడదు. వాళ్లు దేనికి మారారో కూడా చూడాలి. పొంగల్‌కు మారితే మీకు లాభమే.

పన్ను లెక్క

ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నాను. మీరు బిల్లులో జీఎస్టీ విడిగా వేస్తున్నారా, కాంపోజిషన్ పథకంలో ఉన్నారా? కాంపోజిషన్ అయితే 5 శాతం కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, మీ జేబులోంచే కట్టాలి. ఇడ్లీ మీద 2 రూపాయలు, కారం దోసె మీద నాలుగున్నర.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

కాంపోజిషనే అండి. ఆ 5 శాతం తీసేసి మళ్లీ వేశాను. అన్ని మిగుళ్లూ తగ్గాయి, సగటు 30 రూపాయలకు వచ్చింది, కానీ ఏ ఐటమూ గీత దాటలేదు. పొంగల్ 31తో పైనే ఉంది. ఇడ్లీ మిగులు 20.

అందుకే ఇడ్లీ ధర ప్రశ్న ఇంకా నన్ను వదలడం లేదు. 45 చేయాలా వద్దా?

వంటగది ఖాతా

పన్నుకు ముందు అంకెలతో చూద్దాం, తేలిక. ఇప్పుడు 2,400 ప్లేట్లు, ప్లేటుకు 22, మొత్తం 52,800. ధర 45 అయితే మిగులు 27, 1,956 ప్లేట్లు అమ్మితే చాలు, అదే డబ్బు. అంటే రోజుకు ఎనభై ప్లేట్లలో దాదాపు పదిహేను పోగొట్టుకున్నా ఇడ్లీ మీద నష్టం లేదు. కానీ ఆ పదిహేను మందితో పాటు వాళ్లు తాగే కాఫీ, పక్కన తీసుకునే వడ కూడా పోతాయి. ఇడ్లీ ఉన్న బిల్లుల్లో ఎన్నింట్లో కాఫీ ఉందో లెక్కపెట్టాకే ధర ముట్టుకోండి. అంతకన్నా ముందు, ఆ చట్నీ డబ్బా ఎంత తూగింది?

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

రోజుకు సగటున నాలుగు కిలోలు, నీళ్లు కలవకుండా. అందులో ఎక్కువ భాగం దోసె ప్లేట్లలోంచే వచ్చింది. అదే నాకు ఆశ్చర్యం. ఇడ్లీవాళ్లు అడిగి వేయించుకున్నది తినేస్తున్నారు. దోసెవాళ్లకు మనం అడగకుండా వేసింది మిగిలిపోతోంది.

దోసె మాస్టర్

మసాలా దోసెలో కూర ఉంటుంది, కారం దోసెకు ఎర్ర కారం ఉంటుంది. చట్నీ ఎంత తింటారు? చిన్న గరిటె పెట్టండి. అడిగితే మళ్లీ వేయండి.

పాత క్యాషియర్

ఇడ్లీవాడికి మాత్రం రెండోసారి చట్నీ కాదనకండి. పక్క హోటల్ వాడు కాదనడు.

స్టేషన్ రోడ్డు టిఫిన్స్

నాన్నగారి మాటా అదే. దోసెలకు చిన్న గరిటె రేపటి నుంచే పెడుతున్నాం. ఇడ్లీ 40 దగ్గరే ఉంచి, కార్తీకం అయ్యాక ఒక మామూలు నెల అమ్మకాలతో, కాఫీ బిల్లులతో కలిపి మళ్లీ వేస్తాను. అప్పటికి పొంగల్ 656 పైన నిలుస్తుందో లేదో కూడా తెలుస్తుంది. వడ గురించి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. 1,300 ప్లేట్లు పోతోంది, మిగులు సగటుకు కిందే, నూనె ఎంత పీలుస్తోందో సరిగ్గా కొలవలేకపోతున్నాను. వాడిన నూనె పూరీకీ వడకీ ఒకే మూకుడులో ఉంటుంది. ఎవరైనా విడదీసి కొలిచారా?

చిత్తూరు మెస్

నూనె సంగతి నాకు తెలియదు కానీ బిల్లులు చూశాను. సంగటి ఉన్న బిల్లుల్లో సగానికి పైగా ముగ్గురు, నలుగురివే. తీసేయడం లేదు. 240 చేసి చూస్తాను.

వంటగది ఖాతా

240 చేసిన రోజు తేదీ రాసిపెట్టుకోండి, ఆ నెలలో ఇంకే ధరా మార్చకండి. నూనెకు బాబూ, ఒక రోజు మూకుడులో వడలు మాత్రమే వేయించండి. మొదట పోసిన నూనె, మధ్యలో కలిపింది కూడి, చివర మిగిలింది తీసేసి, వడల సంఖ్యతో భాగించండి. మర్నాడు పూరీలకు అలాగే. పిండి పలుచగా రుబ్బిన రోజు వడ ఎక్కువ నూనె పీలుస్తుంది కాబట్టి రెండు మూడు సార్లు కొలిస్తేనే నమ్మదగిన అంకె వస్తుంది.